నెట్ ఆరింటికి వస్తుందని ఎలా చెప్తారు?

"గౌరవ వినియోగదారులకు. ఈ ఉదయం 10.40 నుంచి మీ కాలనీలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ మా ఇంటర్నెట్ సేవ నిలిచిపోయింది. రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ తగిలి మా ప్రధాన ఫైబర్ కేబుల్ తెగింది. సిబ్బంది అక్కడికి చేరుకున్నారు. సాయంత్రం 6 గంటలకల్లా సేవ తిరిగి వస్తుందని అంచనా. మధ్యాహ్నం 2 గంటలకు మళ్లీ సమాచారం ఇస్తాం. ఈలోగా రౌటర్ వెనకున్న రీసెట్ బటన్ నొక్కవద్దు. అందరికీ వచ్చాక కూడా మీకు రాకపోతే రౌటర్‌ను ఒకసారి ఆపి వేయండి. అప్పటికీ రాకపోతే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయండి. మీకు కలిగిన ఇబ్బందికి క్షమాపణలు."

ఇది ఉదాహరణకు రాసిన ప్రకటన. ఇంటర్నెట్ కంపెనీ నుంచి రావాల్సిన మెసేజ్ ఇలా ఉండాలి. మనకు సాధారణంగా వచ్చేది ఇంకో రకం: "సాంకేతిక కారణాల వల్ల సేవలకు అంతరాయం కలిగింది, అతి త్వరలో పునరుద్ధరిస్తాం." ఇందులో ఏ వీధి, ఎందుకు, ఎప్పటికి అన్న మూడూ లేవు. ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునేవాళ్లు మొబైల్ డేటాతో సర్దుకోవాలో, ల్యాప్‌టాప్ సర్దుకుని ఇంకో చోటికి పోవాలో తేల్చుకోలేరు. ఆన్‌లైన్ పరీక్ష ఉన్న పిల్లల సంగతీ అంతే.  మొదటి దానిలో మాత్రం మనకు పనికొచ్చే ఒక టైము ఉంది.

ఆ 6 గంటలన్నది ఎక్కడి నుంచి వచ్చింది? చాలామంది అది నోటికి వచ్చిన టైమే అనుకుంటారు. కొన్నిసార్లు నిజంగానే అంతే. కానీ పని తెలిసినవాళ్లు ఇచ్చిన టైము వెనక ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలిస్తే ఏ ప్రకటనను నమ్మాలో, దేన్ని పక్కన పెట్టాలో మనకే అర్థమవుతుంది.

ముందు నెట్ ఇంటిదాకా ఎలా వస్తుందో చూద్దాం. ఊళ్లో కంపెనీకో, లోకల్ ఆపరేటర్‌కో ఒక గది ఉంటుంది. అక్కడి పెద్ద మెషీన్ నుంచి గాజు పోగుల గుండా వెలుతురు బయల్దేరుతుంది. ఒక్కో పోగును కోర్ అంటారు. కాలనీకి వచ్చాక ఆ ఒక్క కోర్‌లోని వెలుతురును స్ప్లిట్టర్ అనే చిన్న పెట్టె 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. స్ప్లిట్టర్‌కు కరెంటు అక్కర్లేదు. అందుకే వీధిలో కరెంటు పోయినా, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు నెట్ నడుస్తూనే ఉంటుంది. మన ఉదాహరణలో తెగిన కేబుల్‌లో 24 కోర్‌లు ఉన్నాయనుకుందాం. అందులో సగం వాడుకలో ఉన్నా కొన్ని వందల ఇళ్లకు ఒకేసారి నెట్ పోతుంది.

ఇంటి దగ్గర బాక్స్ ఆగిపోతే అది కరెంటు పోయి ఆగిందో, ఫైబర్ తెగి ఆగిందో ఆపరేటర్ గదిలోనే చాలావరకు తెలిసిపోతుంది. కరెంటు పోయినప్పుడు బాక్స్ పూర్తిగా ఆరిపోయే ముందు, లోపల మిగిలిన కాస్త శక్తితోనే "నాకు కరెంటు పోయింది" అని ఒక చివరి కబురు పంపుతుంది. టెక్నీషియన్లు దీన్ని డైయింగ్ గ్యాస్ప్ అంటారు. ఆ కబురేమీ లేకుండా ఒక కోర్ మీదున్న ఇళ్లన్నీ ఒక్క క్షణంలో మాయమైతే ఫైబర్ పోయినట్టే. ఒక్క ఇల్లే పోతే స్తంభం నుంచి ఆ ఇంటికి వచ్చే వైరు సంగతి. ఓ ఎనిమిది ఇళ్లు పోతే ఆ వీధి స్ప్లిట్టర్ దగ్గర తేడా. పది పన్నెండు కోర్‌ల ఇళ్లు ఒకేసారి పోతే పెద్ద కేబులే తెగింది. జనం ఫోన్లు మొదలు కాకముందే కంప్యూటర్ తెర మీద ఇదంతా కనిపిస్తుంది. కాబట్టి "మీ ఒక్కరికేనండీ సమస్య, రౌటర్ చూసుకోండి" అని కస్టమర్ కేర్ వాళ్లు చెప్తే, ఆ తెర వాళ్లు చూడలేదన్నా అనుకోవాలి, చూసే వీలు వాళ్లకు ఇవ్వలేదన్నా అనుకోవాలి.

తెగిందని తెలిశాక, ఎక్కడ తెగిందో కనిపెట్టాలి. దీనికి ఓటీడీఆర్ అనే మీటర్ ఉంది. గదిలో ఒక ఖాళీ కోర్‌కు దాన్ని తగిలిస్తే అది చిన్న వెలుతురు తునకను లోపలికి పంపి, తెగిన చోటు నుంచి వెనక్కి తిరిగి వచ్చేదాకా కాలం కొలుస్తుంది. గాజులో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే కిలోమీటరు దూరం పోయి రావడానికి సెకనులో లక్షో వంతు. ఆ లెక్కన మీటర్ తెర మీద "3,420 మీటర్లు" అని పడిందనుకుందాం.

అసలు చిక్కు ఇక్కడే. అది ఫైబర్ పొడవే గాని రోడ్డు పొడవు కాదు. భవిష్యత్తులో మరమ్మతులకు పనికొస్తుందని దారి పొడవునా అక్కడక్కడ కొన్ని మీటర్ల కేబుల్‌ను చుట్ట చుట్టి వదిలేస్తారు. గదికి, తెగిన చోటుకి మధ్య 15 మీటర్ల చుట్టలు ఐదుంటే, రోడ్డు మీద కొలిచే దూరం 75 మీటర్లు తగ్గుతుంది. ఏ చుట్ట ఎక్కడుందో నోట్‌బుక్‌లో రాసుకున్న ఆపరేటర్ నేరుగా ఆ చోటికి వెళ్తాడు. రాసుకోని ఆపరేటర్ ఆ 75 మీటర్లలో స్తంభం స్తంభానికీ నిచ్చెన వేసుకుంటూ తిరుగుతాడు. జేసీబీ తవ్వి ఉంటే కంటికే కనిపిస్తుంది. ఎలుక కొరికినా, రాపిడికి లోపలి గాజు మాత్రమే విరిగినా బయటికి ఏమీ తెలియదు. వెతకడానికే రెండు గంటలు పట్టవచ్చు. అందుకే మంచి ప్రకటన ఇచ్చేవాళ్లు తెగిన చోటు దొరికేదాకా టైము చెప్పరు. "కారణం వెతుకుతున్నాం, 12 గంటలకు చెప్తాం" అంటారు. వినేవాళ్లకు అది తప్పించుకునే మాటలా ఉంటుంది గాని, ఆ దశలో నిజంగా చెప్పగలిగింది అంతే.

ఇప్పుడు లెక్క. కేబుల్ 10.40కి తెగింది. 11.15కి ఓటీడీఆర్ కొలత వచ్చింది. 12 గంటలకు స్ప్లైసింగ్ మెషీన్‌తో మనుషులు చేరారు. గుంతలో తెగిన రెండు కొసలూ కనిపిస్తున్నాయి. వాటిని అలాగే దగ్గరికి లాగి అతికిస్తే సరిపోదా? సరిపోదు. జేసీబీ పన్ను కేబుల్‌ను కత్తిలా కోయదు, పట్టి లాగుతుంది. తెగిన చోటుకి ఇటూ అటూ కొన్ని మీటర్ల దాకా లోపలి గాజు పగుళ్లు పడి ఉండవచ్చు. పైన నల్ల తొడుగు చెక్కుచెదరకుండా కనిపించినా సరే. ఆ భాగాన్ని రెండు వైపులా కోసేసి, మధ్యలో కొత్త ముక్క వేయాలి. అంటే తెగింది ఒక చోటైనా అతుకులు రెండు చోట్ల. 24 కోర్‌లు, రెండు కొసలు, మొత్తం 48 అతుకులు.

ఒక్కో అతుకు ఎలా పడుతుందో దగ్గరగా చూస్తే ఆలస్యం ఎందుకో తెలుస్తుంది. పోగు మీది ప్లాస్టిక్ పూత ఒలిచాక మిగిలే గాజు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుతురు నడిచే దారి అందులోనూ మధ్యలో ఉండే సన్నని గీత, మిల్లీమీటరులో నూరో వంతు కన్నా తక్కువ. పోగును స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్ అనే చిన్న కత్తెరలాంటి పరికరంతో కొసను నిటారుగా, నున్నగా విరవాలి. కుడి ఎడమల పోగులు రెండూ మెషీన్‌లో పెడితే అది తెర మీద వాటిని పెద్దవి చేసి చూపించి, ఎదురెదురుగా సర్ది, చిన్న విద్యుత్ మెరుపుతో కరిగించి కలిపేస్తుంది. కలపడానికి పది సెకన్లు చాలు. ముందు ఒలవడం, తుడవడం, విరవడం, ఆ తర్వాత అతుకు మీదికి సన్నని తొడుగు జరిపి వేడి చేయడం, అన్నీ కలిపి కోర్‌కు మూడు నాలుగు నిమిషాలు. పోగు మీద దుమ్ము కణం ఒక్కటి ఉన్నా, చెయ్యి వణికినా మెషీన్ ఒప్పుకోదు, మళ్లీ మొదటి నుంచి చేయాలి. వానలో అయితే గొడుగో టార్పాలినో పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాల్సిందే.

నాలుగు నిమిషాల చొప్పున 48 అతుకులకు 192 నిమిషాలు, అంటే 3 గంటల 12 నిమిషాలు. రోడ్డు కాంట్రాక్టర్‌తో మాట్లాడి మెషీన్ ఆపించడం, పాడైన కేబుల్ బయటికి తీసి కొత్త ముక్క వేయడం కలిపి మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయిందనుకుందాం. ఒకే మెషీన్ ఉంటే అతుకులు 4.42కి పూర్తవుతాయి. జాయింట్ బాక్స్ మూసి, కొలిచి చూసుకోవడానికి ఇంకో అరగంట. సుమారు 5.15. దాని మీద ముప్పావుగంట వెసులుబాటు వేసుకుంటే 6 గంటలు. మెసేజ్‌లోని టైము అదే. రెండు మెషీన్లు, రెండు జట్లు ఉంటే రెండు కొసల దగ్గరా ఒకేసారి పని జరిగి నాలుగు లోపే అయిపోయేది. మీ ఊరి ఆపరేటర్ దగ్గర ఎన్ని స్ప్లైసింగ్ మెషీన్లు ఉన్నాయన్నది ప్లాన్ స్పీడు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న అని నా అభిప్రాయం. ఎవరూ అడగరనుకోండి.

ఇదే లెక్కలో, కాలనీల్లో తగాదాలు పుట్టించే ఇంకో సంగతి కూడా ఉంది. ఒకే మెషీన్‌తో మొదటి కొస అంతా పూర్తి చేస్తే అప్పటికి 3.06 అవుతుంది. ఇంకా ఎవరికీ నెట్ రాదు. రెండో కొస దగ్గర ఒక్కో కోర్ అతుకుతున్నకొద్దీ ఆ కోర్ మీదున్న ఇళ్లకు నెట్ వస్తూ పోతుంది. మొదటి కోర్ వాళ్లకు మూడుంబావుకి ముందే, చివరి కోర్ వాళ్లకు దాదాపు ఐదింటికి. ఈ గంటన్నరలోనే కస్టమర్ కేర్‌కు ఫోన్లు పోటెత్తుతాయి.

"పక్కింటోళ్లకు వచ్చిందన్నా, మాకెందుకు రాలే?"

"మీది వేరే కోర్ అక్కా, ఇంకో అరగంటల వస్తది."

కేబుల్ అబ్బాయి చెప్పే ఈ జవాబు సాకు కాదు. కోర్‌లకు నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అంటూ రంగుల వరస ఉంటుంది. ఆ వరసలోనే అతుకుతూ పోతారు. ఆస్పత్రి, బ్యాంకు లాంటివి ఏ కోర్ మీదున్నాయో తెలిసిన ఆపరేటర్ ఆ కోర్‌లు ముందు కలుపుతాడు. హడావిడిలో రంగు మారితే మాత్రం చిక్కే. వెలుతురు వస్తుంది, ఎర్ర లైటు పోతుంది, కానీ బాక్స్ పొరపాటు కోర్ మీద ఉంది కాబట్టి అవతలి మెషీన్ దాన్ని గుర్తుపట్టదు. పీఓఎన్ అని రాసి ఉన్న పచ్చ లైటు నిలకడగా వెలగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. వీధి మొత్తానికి ఇదే వరస అయితే రౌటర్‌ను తిట్టుకోనక్కర్లేదు. ఫోన్ చేసి "ఎర్ర లైటు పోయింది, పీఓఎన్ బ్లింక్ అవుతోంది, మా వీధిలో అందరికీ అంతే" అని ఒక్క ముక్క చెప్తే అవతలివాళ్లకు వెంటనే వెలుగుతుంది.

ఇక ప్రకటన చివర్లో ఉండే సూచనలు. జనం వాటిని మొక్కుబడి అనుకుంటారు. వాటిల్లో ఒకటి నిజంగా ముఖ్యం: రీసెట్ బటన్ నొక్కవద్దని. పిన్నుతో గుచ్చే ఆ చిన్న రంధ్రం రౌటర్‌ను ఆపి వేయడం కోసం కాదు, కంపెనీ నుంచి కొత్తగా వచ్చినప్పుడు ఉన్న స్థితికి తీసుకుపోవడానికి. లోపల ఆపరేటర్ పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, మిగతా సెట్టింగులన్నీ చాలా బాక్సుల్లో తుడిచిపెట్టుకుపోతాయి. ఫైబర్ సాయంత్రం 5 గంటలకు బాగైనా ఆ ఇంటికి మాత్రం నెట్ రాదు. టెక్నీషియన్ ఇంటికొచ్చి మళ్లీ సెట్ చేయాలి. పెద్ద కేబుల్ తెగిన మర్నాడు వచ్చే ఫిర్యాదుల్లో ఇలాంటివీ ఉంటాయి. పొద్దున్న విసుగొచ్చి పిన్ను గుచ్చిన ఇళ్లవి.

ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలిగితే బాక్స్‌కు వెలుతురు అందడం లేదని అర్థం. అది వెలుగుతున్నంతసేపూ రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ఉపయోగం లేదు. అంతరాయం మెసేజ్ రాకుండా మీ ఒక్క ఇంట్లోనే ఎర్ర లైటు ఉంటే, బాక్స్‌లోకి వెళ్లే సన్నని వైరు సోఫా కిందో తలుపు సందులోనో నలిగిందేమో, మడత పడిందేమో చూడండి. కొసను ఊడదీసి కంటి దగ్గర పెట్టుకుని మాత్రం చూడకండి. అందులో వచ్చేది కంటికి కనిపించని వెలుతురు. కనిపించడం లేదని ప్రమాదం లేదనుకోకూడదు.

లైట్లన్నీ పచ్చగా ఉండి నెట్ రాకపోవడం వేరే సంగతి. కేబుల్ కలిసిన వెంటనే వందల బాక్సులు ఒకేసారి లాగిన్ కావాలని తోసుకుంటాయి. కొన్ని వెనకబడి అక్కడే ఆగిపోతాయి. "ఒకసారి ఆపి వేయండి" అన్న సలహా పనిచేసేది ఇలాంటప్పుడే. స్విచ్ ఆపి అర నిమిషం ఆగమనడం లోపల నిల్వ ఉన్న కరెంటు పూర్తిగా పోయి, బాక్స్ నిజంగా కొత్తగా మొదలు కావడానికి. అప్పటికీ రాకపోతే, కంప్యూటర్ ఉన్నవాళ్లు కమాండ్ విండోలో ఈ రెండూ కొట్టి చూడవచ్చు.

```
ping 8.8.8.8
ping google.com
```

మొదటిదానికి జవాబు వచ్చి రెండోదానికి రాకపోతే లైను బాగానే ఉంది, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర తేడా ఉంది. ఆ మాట కస్టమర్ కేర్‌కు చెప్తే పని తొందరగా అవుతుంది. రెండింటికీ జవాబు లేకపోతే లాగినే కాలేదన్నా కావచ్చు, ఆపరేటర్ నుంచి పైకి వెళ్లే లైను పోయిందన్నా కావచ్చు.

ఫైబర్ తెగితే టైము లెక్క కట్టవచ్చు. ఎవరూ లెక్క కట్టలేని అంతరాయాలూ ఉన్నాయి. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ అనే పెద్ద కంపెనీ నెట్‌వర్క్ దేశమంతా కుప్పకూలింది. కోటి ఇరవై లక్షల మందికి పైగా వినియోగదారులకు ఫోన్లు, నెట్ పోయాయి. కార్డుతో చెల్లింపులు ఆగాయి, ఎమర్జెన్సీ నంబరు 911కు కూడా చాలామందికి లైను దొరకలేదు. కేబుల్ ఎక్కడా తెగలేదు. నెట్‌వర్క్‌లో మార్పులు చేస్తూ, రౌటర్లకు చేరే సమాచారాన్ని వడకట్టే ఒక సెట్టింగ్ తీసేశారు. దాంతో ప్రధాన రౌటర్ల మీదికి తట్టుకోలేనంత సమాచారం వచ్చి పడింది. దాన్ని సరిదిద్దాల్సిన సిబ్బంది కూడా అదే నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉండటంతో, లోపలికి వెళ్లి చూసే దారి మూసుకుపోయింది. ఆ రోజు కంపెనీ క్షమాపణ చెప్పింది గాని, ఎప్పటికి వస్తుందో చెప్పలేకపోయింది. జనం మండిపడ్డారు. కారణమే తెలియనప్పుడు టైము చెప్పి ఉంటే అది అబద్ధమయ్యేది. వాళ్ల అసలు లోపం వేరే చోట ఉంది. ఇంత పెద్ద ప్రమాదంలో సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వేరే దారి ముందే ఉంచుకోలేదు. పరిహారంగా మొదట రెండు రోజుల బిల్లు వదులుకుంటామన్న కంపెనీ, తర్వాత దాన్ని ఐదు రోజులకు పెంచింది.

మన దగ్గర టైము ఆపరేటర్ చేతిలో లేని సందర్భం హైదరాబాద్‌లో 2025 ఆగస్టులో కనిపించింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, విద్యుత్ స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్లను తొలగించడం మొదలుపెట్టారు. చాలా కాలనీల్లో నెట్ పోయింది. వివాదం హైకోర్టుకు చేరింది. స్తంభం మీద కేబుల్ మళ్లీ వేయనిస్తారో లేదో తెలియనప్పుడు అతుకుల లెక్క ఎందుకూ పనికిరాదు. అలాంటప్పుడు ప్రకటనలో టైము కన్నా "ప్రతి మూడు గంటలకూ సమాచారం ఇస్తాం" అన్న మాటకే విలువ, అదీ నిజంగా ఇస్తేనే. తవ్వకాల వల్ల తెగే కేబుళ్ల మాటకొస్తే, దేశంలో ఏటా దాదాపు 10 లక్షల చోట్ల ఫైబర్ తెగుతోందని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. తవ్వేముందు అక్కడ ఎవరి కేబుల్ ఉందో అడిగి తెలుసుకునేందుకు 2023 మార్చిలో కాల్ బిఫోర్ యు డిగ్ అనే యాప్ కూడా తెచ్చింది.

డబ్బు సంగతి ఏ ప్రకటనలోనూ కనిపించదు, మనమే తెలుసుకోవాలి. ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం, ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో లోపం సరిచేయడానికి మూడు రోజులు దాటితే కంపెనీ వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. బిల్లులో తగ్గింపు రూపంలోనో, ప్లాన్ గడువు పొడిగింపు రూపంలోనో అది వస్తుంది. ఆ మూడు రోజులు ఎప్పటి నుంచి మొదలయ్యాయో చూపించడానికి మీ చేతిలో ఉండాల్సింది ఫిర్యాదు నంబరు, దాన్నే డాకెట్ నంబరు అంటారు. వీధిలో అందరికీ పోయింది, ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అని ఊరుకుంటే మీ పేరు మీద ఏ నంబరూ ఉండదు. లైన్‌మన్‌కు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినంత మాత్రాన కూడా నంబరు రాదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసో, కంపెనీ యాప్‌లోనో ఫిర్యాదు నమోదు చేసి, నంబరు రాసుకుని, పని కాకుండానే "సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వస్తే అదే రోజు మళ్లీ ఫోన్ చేసి ఫిర్యాదును తిరిగి తెరిపించాలి. అక్కడా తేలకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు. ఆ అప్పీలుకు ఫీజు లేదు, డాకెట్ నంబరు మాత్రం అడుగుతారు.